నిన్నటి అంకె ఎక్కడికి పోయింది?

ఒక ఎరువుల టోకు దుకాణాన్ని ఊహించుకోండి. ఊళ్లలోని చిల్లర డీలర్లకు అరువు మీద సరుకు పంపుతారు, వారానికో పదిహేను రోజులకో డబ్బు వసూలవుతుంది. బిల్లులూ రసీదులూ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కుతాయి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోవడానికి ఒక ఎక్సెల్ ఫైలు ఉంటుంది. పొద్దున్నే గుమస్తా దాన్ని తెరిచి `Refresh All` నొక్కుతాడు. సాఫ్ట్‌వేర్‌లోని తాజా లెక్క వచ్చి ఆ షీట్‌లో కూర్చుంటుంది. దాన్ని చూసే ఏ ఊరికి మనిషిని పంపాలో, ఎవరికి సరుకు ఆపాలో యజమాని తేల్చుకుంటాడు.

ఒక బుధవారం ఉదయం ఆయన అడుగుతాడు: "నిన్న బాకీలు 42 లక్షల పైన ఉన్నాయన్నావు. ఇవాళ 41 లక్షల 36 వేలు చూపిస్తోంది. నిన్న అంత వసూలు కాలేదే?" గుమస్తా దగ్గర జవాబు ఉండదు. అతనికి లెక్క తెలియక కాదు. నిన్నటి పట్టీ ఇప్పుడు ఎక్కడా లేదు. రిఫ్రెష్ నొక్కిన క్షణంలో పాత వరుసలన్నీ తుడిచిపెట్టుకుపోయి వాటి చోట కొత్తవి వచ్చాయి. నిన్నటి మొత్తం యజమాని నోట్లో ఉంది, అంతే.

కాగితం మీద చిట్టా, ఆవర్జా రాసిన రోజుల్లో ఈ చిక్కు ఇలా ఉండేది కాదు. తప్పు పడితే అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి సంతకం పెట్టేవారు. కొట్టివేసిన అంకె కూడా కంటికి కనబడేది. మన జీఎస్టీ నిబంధనలు నేటికీ అదే పద్ధతి కోరుతున్నాయి. నమోదు చేసినదాన్ని చెరిపేయకూడదు, దాని మీద మళ్లీ రాయకూడదు. లెక్కలు కంప్యూటర్లో ఉంటే మార్చిన, తొలగించిన ప్రతి పద్దుకూ చిట్టా ఉండాలని 56వ నిబంధన చెబుతోంది. కంపెనీల విషయంలోనైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. అయితే ఈ నియమాలన్నీ అసలు లెక్కల పుస్తకం గురించి. యజమాని నిర్ణయాలు తీసుకునేది పుస్తకం చూసి కాదు, ఎక్సెల్ పట్టీ చూసి. ఆ పట్టీ ఏ రోజు ఏం చూపించిందన్నది ఏ లాగ్‌లోనూ ఉండదు.

అందుకే రిఫ్రెష్ అయిన ప్రతిసారీ ఆ పట్టీని తేదీ, సమయం వేసి విడిగా ఒక నకలుగా దాచాలి. ఆఫీసుల్లో దీన్ని స్నాప్‌షాట్ అంటారు. పని చిన్నదే. దాని వెనక ఉన్న విషయం మాత్రం కాస్త నిదానంగా అర్థం చేసుకోవాలి.

ప్రతి పద్దుకూ రెండు తేదీలు ఉంటాయి. ఒకటి ఆ సంగతి జరిగిన తేదీ, రెండోది అది మన లెక్కలోకి వచ్చిన తేదీ. బిల్లు మీదా రసీదు మీదా కనిపించేది మొదటిదే. నివేదికలు కూడా దాన్నిబట్టే తయారవుతాయి. మే 30న ఇచ్చినట్టు ఒక రసీదు జూన్ 10న నమోదైతే, ఆ తర్వాత తీసే మే నెల నివేదికలో అది మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు కనబడుతుంది. మే 31 సాయంత్రం మీరు చూసినప్పుడు అది లేదని నివేదిక చెప్పదు. ఆ రెండో తేదీని పట్టీ వైపు నుంచి నిలబెట్టేది రోజువారీ నకలు ఒక్కటే.

దేశమంతా గమనించిన ఒక సందర్భంలో ఈ రెండు తేదీల తేడా బయటపడింది. 2021 జూన్ 10 ఉదయం కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ పట్టికలో ఒక్క రోజులో 6,148 మరణాలు కనిపించాయి. రెండో ఉధృతి తగ్గుతున్న రోజులవి. అందులో దాదాపు 4 వేలు బిహార్ ప్రభుత్వం పాత రికార్డులు మళ్లీ సరిచూసి కలిపిన మరణాలు. అవి ఆ రోజు జరిగినవి కావు, ఆ రోజు లెక్కలోకి వచ్చినవి. మొత్తం మరణాల పట్టిక ఒక్కటే చూసేవారికి ఆ తేడా తెలిసే దారి లేదు. అంతకుముందు రోజు అంకె చేతిలో ఉన్నవారికి ఏ రాష్ట్రం దగ్గర ఎంత పెరిగిందో వెంటనే తెలిసింది. covid19india.org నడిపిన స్వచ్ఛంద కార్యకర్తలు రోజువారీ అంకెలను విడివిడిగా దాచి అందరికీ అందుబాటులో ఉంచడం వల్లే, ఆ తర్వాత పరిశోధకులు ఏ అంకె ఎప్పుడు ఎలా మారిందో వెనక్కి వెళ్లి చూడగలిగారు.

ఇక మన ఎరువుల దుకాణానికి వద్దాం. నకళ్లు దాచే అలవాటు ఉంటే ఆ బుధవారం ఏం జరిగేదో అంకెలతో చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసినవి, పద్ధతి మాత్రం అసలైనదే.

మంగళవారం, అంటే 2025 జూన్ 10 ఉదయం 9:15కి తీసిన నకలులో మొత్తం బాకీ 42,18,500 రూపాయలు. ఆ రోజు తేదీతో వేసిన కొత్త బిల్లులు 2,10,000. ఆ రోజు తేదీతో వచ్చిన వసూళ్లు 2,64,300. నిన్నటి బాకీకి కొత్త బిల్లులు కలిపి, వసూళ్లు తీసేస్తే బుధవారం ఉదయం 41,64,200 ఉండాలి. పట్టీలో ఉన్నది 41,36,200. అంటే 28,000 తక్కువ.

ఈ 28,000 నిన్న జరిగిన వ్యాపారం వల్ల వచ్చింది కాదు. నిన్నటి వ్యాపారమంతా ఇప్పటికే లెక్కలో వేసేశాం. కాబట్టి నిన్న ఎవరో పాత తేదీల్లోకి వెళ్లి ఏదో మార్చారు. యజమాని అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. మిగతా సగానికి రెండు నకళ్లనూ బిల్లు వారీగా పక్కపక్కన పెట్టాలి.

ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ ఈ పని చేస్తుంది. మంగళవారం ఫైలునూ బుధవారం ఫైలునూ తెరిచి `Merge` చేసి, కలిపే పద్ధతి `Full Outer` ఎంచుకోవాలి. రెంటినీ కలపడానికి ఆధారం బిల్లు నంబరు. అప్పుడు వరుసలు నాలుగు రకాలుగా విడిపోతాయి. కొన్ని రెండు రోజులూ ఒకేలా ఉంటాయి, వాటిని పక్కన పెట్టేయవచ్చు. కొన్ని ఇవాళ్టి ఫైలులోనే ఉంటాయి, అవి కొత్త బిల్లులు కావాలి. కొన్ని నిన్నటి ఫైలులోనే ఉంటాయి, అవి చెల్లయిపోయిన బిల్లులు కావాలి. ఇంకొన్ని రెంటిలోనూ ఉన్నా మొత్తం మారి ఉంటుంది. ఈ చివరి మూడు రకాల్లో ప్రతి వరుసకూ ఒక బిల్లో, రసీదో, క్రెడిట్ నోటో నిన్నటి తేదీతో ఉండాలి. ఏ వరుసకు అలా కాగితం దొరకదో అదే మనం వెతుకుతున్నది.

మన ఉదాహరణలో రెండు వరుసలు అలా మిగిలాయి. మొదటిది 1187వ నంబరు బిల్లు. నిన్న 46,000 ఉంది, ఇవాళ 34,000. తగ్గిన 12,000కు నిన్న రసీదేమీ లేదు. వెతికితే మే 26 తేదీతో ఒక క్రెడిట్ నోటు కనబడింది. తడిసిన బస్తాలు వెనక్కి వచ్చాయట. కానీ దాని వరుస నంబరు జూన్‌లో వేసిన నోట్ల తర్వాతిది. అంటే నోటు నిజంగా వేసింది జూన్‌లో, తేదీ మాత్రం మేది. గోదాము పుస్తకంలో ఆ బస్తాలు మే 26న వెనక్కి వచ్చినట్టు ఉంటే ఇది ఆలస్యంగా ఎక్కించిన పద్దు మాత్రమే. గోదాములో బస్తాలు రాకపోతే మాటే వేరు.

రెండోది 1142వ బిల్లు. నిన్న 16,000 బాకీ ఉంది, ఇవాళ పట్టీలోనే లేదు. మే 30 తేదీతో నగదు రసీదు ఒకటి నిన్న ఎక్కింది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ డబ్బు నిజంగా మే 30నే వచ్చి ఉంటే, నిన్న సాయంత్రం దాకా అది ఎవరి దగ్గర ఉంది? దుకాణంలో ప్రతి సాయంత్రం నగదు లెక్కపెట్టి చిట్టాతో సరిచూసుకునే అలవాటుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. మే 30 నుంచి ప్రతి రోజు నగదు నిల్వ ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 16,000 పెరిగి చూపిస్తుంది. కానీ ఆ రోజుల్లో చేత్తో లెక్కపెట్టి రాసుకున్న కాగితాల్లో ఆ 16,000 ఉండదు. వసూళ్లకు వెళ్లిన మనిషి డబ్బు కొన్నాళ్లు తన దగ్గరే ఉంచుకుని తర్వాత కట్టాడా, లేక రసీదు పుస్తకం తెచ్చివ్వడం మరిచి తేదీ మాత్రం నిజాయితీగా వేశాడా అన్నది అతన్నీ డీలర్‌నూ అడిగి తెలుసుకోవాలి. ఎవరిని, ఏ బిల్లు గురించి, ఏ తేదీల మధ్య అడగాలో మాత్రం నకలు చెప్పేసింది.

మొత్తం సరిపోయిందని వరుసలు చూడటం మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఒక డీలర్ కట్టిన 20,000ను పొరపాటున మరొకరి ఖాతాలో వేశారనుకోండి. నాలుగు రోజుల తర్వాత దాన్ని తీసి అసలు మనిషి ఖాతాకు మారుస్తారు. మొత్తం బాకీలో ఒక్క రూపాయి తేడా రాదు. పైన చేసిన కూడిక, తీసివేత రెండూ చక్కగా కుదురుతాయి. వరుసల్లో మాత్రం ఒకచోట 20,000 పెరిగి, ఇంకోచోట 20,000 తగ్గి కనబడుతుంది. ఇది అమాయకంగానూ జరుగుతుంది. ఒకరి డబ్బు వాడుకుని, ఇంకొకరి డబ్బుతో దాన్ని పూడ్చి, ఆ తర్వాత మూడో మనిషి డబ్బుతో ఆ రెండోదాన్ని పూడ్చే మోసంలోనూ జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ మొత్తం నిశ్చింతగా ఉంటుంది.

ఇప్పుడు నకలు తీసే పని. చేత్తో రోజూ "సేవ్ యాజ్" చేయవచ్చు కానీ పని ఒత్తిడి ఉన్న రోజే మరిచిపోతారు, తేడా వచ్చేదీ సాధారణంగా అలాంటి రోజుల్లోనే. అందుకని రిఫ్రెష్‌నూ నకలునూ ఒకే బటన్ కింద కట్టేయడం మేలు. పవర్ క్వెరీకీ షీట్‌కూ `Bakailu` అని పేరు పెట్టి ఉంటే ఈ చిన్న మాక్రో చాలు:

```
Sub RojuNakalu()
  With ThisWorkbook.Connections("Query - Bakailu")
    .OLEDBConnection.BackgroundQuery = False
    .Refresh
  End With
  ThisWorkbook.Worksheets("Bakailu").Copy
  ActiveWorkbook.SaveAs "D:\Nakalu\bakailu_" & _
    Format(Now, "yyyy-mm-dd_hhnn") & ".csv", xlCSVUTF8
  ActiveWorkbook.Close False
End Sub
```

ఇందులో ప్రతి వరుసకూ ఒక కారణం ఉంది. `BackgroundQuery = False` లేకపోతే ఎక్సెల్ రిఫ్రెష్‌ను వెనక నడిపిస్తూ, అది పూర్తికాకముందే తర్వాతి పనికి వెళ్లిపోతుంది. అప్పుడు షీట్‌లో ఇంకా నిన్నటి అంకెలే ఉంటాయి, వాటినే ఇవాళ్టి పేరుతో దాచేస్తుంది. ఫైలు ఉంటుంది, తేదీ సరిగ్గా ఉంటుంది, లోపల ఉన్నది మాత్రం పాతది. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. వ్యాపారం జరిగిన రోజున రెండు వరుస నకళ్లు అచ్చం ఒకేలా ఉంటే, ఆ రోజు ఏమీ మారలేదని సంతోషించకుండా రిఫ్రెష్ జరిగిందో లేదో చూడాలి.

ఫైలు పేరులో ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర వేశాం. అలా వేస్తే ఫోల్డర్‌లో పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. గంట, నిమిషం కూడా ఉండటం వల్ల ఒకే రోజు రెండుసార్లు నొక్కినా మొదటి నకలు పోదు. చివర ఉన్న `xlCSVUTF8` తెలుగువాళ్లకు ముఖ్యం. మామూలు సీఎస్‌వీగా దాస్తే తెలుగులో రాసుకున్న పార్టీ పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, ఆ తర్వాత వాటిని తిరిగి తెచ్చుకోలేం.

పూర్తి ఎక్సెల్ ఫైలునే కాపీ చేసి పెట్టుకోవచ్చు కదా, సీఎస్‌వీ దేనికి అని కొందరు అడుగుతారు. ఎక్సెల్ ఫైలు లోపల సాఫ్ట్‌వేర్‌తో ఉన్న లంకె అలాగే మిగిలి ఉంటుంది. తెరిచినప్పుడు దానంతటదే రిఫ్రెష్ కావాలని ఎవరో అమర్చి ఉంటే, ఆరు నెలల తర్వాత ఆడిటర్ ముందు జూన్ 10 ఫైలు తెరవగానే అందులోకి డిసెంబరు లెక్క వచ్చి కూర్చుంటుంది. బాకీ ఎన్ని రోజులదో చూపించే వరుసలో `TODAY()` వాడి ఉంటే అది కూడా తెరిచిన రోజునుబట్టి మారిపోతుంది. నకలులో లంకెలు, సూత్రాలు ఉండకూడదు. అంకెలు మాత్రమే ఉండాలి.

సీఎస్‌వీకి కూడా తన ఇబ్బంది ఉంది. దాన్ని నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 00142 అనే బిల్లు నంబరును ఎక్సెల్ 142గా మార్చేస్తుంది, పొడవాటి నంబర్లను చివరి అంకెలు పోగొట్టి చూపిస్తుంది. చూసి ఊరుకుంటే నష్టం లేదు. మూసేటప్పుడు "సేవ్" నొక్కితే మాత్రం నకలు పాడైపోయినట్టే. కాబట్టి నకళ్లను పవర్ క్వెరీ ద్వారానే, బిల్లు నంబరును అక్షరాలుగా చదవమని చెప్పి తెరవాలి. ఇంకొకటి, సీఎస్‌వీలోకి వెళ్లేది గడిలో కంటికి కనిపించే రూపమే. గడిలో పైసలు కనిపించకుండా అమర్చి ఉంటే నకలులోనూ పైసలు ఉండవు. తేదీ వరుస కూడా షీట్‌లోనే ఏడాది, నెల, రోజు వరుసలో అమర్చుకుంటే, తర్వాత జూన్ 5, మే 6గా మారే గందరగోళం ఉండదు.

పోల్చేటప్పుడు బిల్లు నంబరు ఒక్కటే ఆధారమైతే ఏప్రిల్‌లో తప్పుతుంది. జీఎస్టీ బిల్లు నంబర్లు ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకేసారి రావాలి కానీ మరుసటి ఏడాది మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టవచ్చు. అప్పుడు పాత ఏడాది 142 కొత్త ఏడాది 142తో కలిసిపోయి లేని తేడాలు చూపిస్తుంది. బిల్లు తేదీని కూడా నంబరుతో జతచేస్తే సరిపోతుంది. అలాగే ఆదివారం దుకాణం మూసి ఉంటే సోమవారాన్ని "నిన్న"తో కాకుండా చివరి నకలుతో పోల్చాలి. సమయం కూడా రోజూ ఒకటే ఉండాలి. పద్దులు మొదలుపెట్టక ముందు 9:15 అనుకుంటే ఎప్పుడూ అదే. ఒకరోజు ఉదయం, ఇంకోరోజు మధ్యాహ్నం తీస్తే ఏ వసూలు ఏ రోజుకు చెందుతుందో తేల్చలేక పోలిక మొత్తం గజిబిజి అవుతుంది.

చోటు గురించి భయపడనక్కర్లేదు. మూడు వేల వరుసలు, వరుసకు దాదాపు వంద అక్షరాలు వేసుకుంటే రోజుకు 300 కిలోబైట్లు. ఏడాదికి 300 పని రోజులకు 90 మెగాబైట్లు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలన్న నియమాన్నే నకళ్లకూ పాటించినా ఒక చిన్న పెన్ డ్రైవ్‌లో పడతాయి. కాకపోతే నకలులో డీలర్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు అవసరం లేదు. పోలికకు పనికిరానివి ఏళ్ల తరబడి దాచడం వల్ల ఎవరికీ మేలు లేదు, కొన్నిసార్లు కీడే.

నకలును కూడా ఎవరైనా మార్చేయవచ్చు కదా అన్నది న్యాయమైన అనుమానమే. పద్దులు వేసే మనిషే నకళ్ల ఫోల్డర్‌నూ చూసుకుంటే ఆడిటర్ దాన్ని నమ్మడు, నమ్మకూడదు కూడా. విండోస్‌లోనే దీనికి ఒక సాధనం ఉంది. పవర్‌షెల్ తెరిచి ఇలా కొడితే:

```
Get-FileHash D:\Nakalu\bakailu_2025-06-10_0915.csv
```

ఆ ఫైలుకు ప్రత్యేకమైన ఒక పొడవాటి గుర్తు వస్తుంది. ఫైలులో ఒక్క అంకె మార్చినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. రోజూ ఆ గుర్తునూ, వరుసల సంఖ్యనూ, మొత్తం బాకీనీ ఒక ఈమెయిల్‌లో పెట్టి ఆ ఉదయమే ఆడిటర్‌కో, ఊరుబయట ఉండే భాగస్వామికో పంపాలి. ఆరు నెలల తర్వాత ఫైలును వాళ్ల ముందు పెట్టి మళ్లీ గుర్తు తీస్తే, ఆ రోజు పంపినదానితో కలుస్తుందో లేదో వెంటనే తెలుస్తుంది. నకలును మార్చగలిగినవాడికి కూడా అప్పటికే పంపేసిన ఈమెయిల్‌ను మార్చడం చేతకాదు.

నకలు చేయలేని పనులూ ఉన్నాయి. మంగళవారం 9:15కు, బుధవారం 9:15కు మధ్య ఎవరో ఒక పద్దు మార్చి, మళ్లీ యథాస్థితికి తెచ్చేస్తే రెండు నకళ్లూ ఒకేలా ఉంటాయి. ఏం మారిందో నకలు చెబుతుంది కానీ ఎవరు మార్చారో చెప్పదు. దానికి సాఫ్ట్‌వేర్‌లోని ఎడిట్ లాగ్ కావాలి. కంపెనీలకు దాన్ని తప్పనిసరి చేసిన నియమం సొంత వ్యాపారాలకు, భాగస్వామ్య సంస్థలకు వర్తించదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంటే వాళ్లు కూడా ఆన్ చేసుకోవడం మంచిది. నకలు ఏ బిల్లు దగ్గర వెతకాలో చూపిస్తే, లాగ్ ఎవరి లాగిన్‌తో ఎన్ని గంటలకు మారిందో చూపిస్తుంది. వేల మార్పులున్న లాగ్‌ను మొదటినుంచీ చదివేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ముందు నకలు పోల్చుకుని ఆ తర్వాతే లాగ్ తెరవాలి.

మన దుకాణంలో ఆ 28,000 అక్కడితో తెగిపోలేదు. అరువు వ్యాపారం చేసేవాళ్లకు బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంటుంది. దాని పరిమితి కోసం సరుకు నిల్వ, రావలసిన బాకీల పట్టీ నెలనెలా బ్యాంకుకు ఇవ్వాలి. మే 31 నాటి బాకీలను జూన్ మొదటి వారంలో ఇచ్చేశారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మే 31 నాటి బాకీలు తీస్తే బ్యాంకుకు ఇచ్చిన అంకె కన్నా 28,000 తక్కువ వస్తుంది, ఎందుకంటే రెండు పద్దులూ మే తేదీతోనే ఎక్కాయి. ఏడాది చివర ఆడిటర్ ఆ రెంటినీ పక్కన పెట్టి అడుగుతాడు. అప్పటికి 1187, 1142 ఎవరికీ గుర్తుండవు. జూన్ 10, 11 తేదీల నకళ్లు ఉన్న దుకాణంలో ఆ తేడాకు రెండు బిల్లుల నంబర్లతో సహా ఒక చిన్న కాగితం సిద్ధంగా ఉంటుంది. బ్యాంకుకు కూడా వచ్చే నెల పట్టీతోపాటు సవరణ పంపవచ్చు.